షాపుల వాళ్లకని అమ్ముతున్న హిందీ చార్టు, ఆడియో కొంటున్నారా? ముందు ఇది చదవండి

విజయవాడ వన్ టౌన్‌లో మాకు దుప్పట్లు, టవళ్ల షాపు ఉంది. తెలుగు రాని కస్టమర్లతో మాట్లాడటానికి పది ముక్కల హిందీ వస్తే చాలని, ఫోన్‌లో ప్రకటన చూసి 499 రూపాయలకు ఒక చార్టు, దాంతోపాటు ఆడియో ఫైళ్లు కొన్నాను. హిందీ మాటలు తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి, చదవడం సులువే. కానీ అది నమ్ముకుని కౌంటర్లో కూర్చుంటే వ్యాపారం పాడవుతుంది. అందుకే రాస్తున్నాను.

మొదటి లోపం మర్యాద. కస్టమర్ రాగానే నీకేం కావాలని అడగడానికి అందులో ఇచ్చిన మాట "తుమ్ కో క్యా హోనా". కూర్చోమనడానికి "బైఠ్", డబ్బులివ్వమనడానికి "పైసా దే". ముక్కూ మొహం తెలియని పెద్దాయనను "కూర్చో, డబ్బులియ్యి" అన్నట్టే ఇది. "క్యా హోనా" అనేది మన వైపు దక్కనీ ఉర్దూ. ఇక్కడ ఇళ్లల్లో అది సహజమైన మాటే, తప్పేమీ లేదు. బీహార్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చినవాళ్లు మాత్రం ఆ అర్థంలో దాన్ని వాడరు, వినగానే ఆగిపోతారు. వాళ్లను రండి, కూర్చోండి, ఏం కావాలి అని అడగడానికి "ఆయియే, బైఠియే, క్యా చాహియే?" అనాలి. తీసుకోండి అంటే "లీజియే", ఇవ్వండి అంటే "దీజియే". మన "అండి" చేసే పని అక్కడ చివరి "ఇయే" చేస్తుంది.

అసలు నష్టం అంకెల్లో వచ్చింది. చార్టులో 250కి "దో సౌ పచాస్" అని ఒక్కటే ఉంది. అది తప్పు కాదు. కానీ బేరమాడే కస్టమర్ చాలాసార్లు "ఢాయీ సౌ" అంటాడు, ఆ మాట చార్టులో ఎక్కడా లేదు. ఒకాయన నాలుగు దుప్పట్లు తీసి, ఒక్కోటి "పౌనే తీన్ సౌ" చొప్పున ఇమ్మన్నాడు. మా కుర్రాడికి వినబడింది "తీన్ సౌ" మాత్రమే. సరేనని తలూపి 1,200కు బిల్లు వేశాడు. ఆయన లెక్క 1,100. మనం ఒప్పుకుని మాట మార్చామని ఆయన కోపం, ఒప్పుకున్నది మూడు వందలకే కదా అని మావాడి వాదన. చివరికి ఆయన దుప్పట్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

"పౌనే" అంటే పావు తక్కువ. మనం పావు తక్కువ మూడు అన్నట్టే. పౌనే తీన్ సౌ 275, పౌనే దో సౌ 175. "సవా" అంటే పావు ఎక్కువ, కాబట్టి సవా సౌ 125, సవా దో మీటర్ అంటే రెండుంపావు మీటర్లు. ఒకటిన్నరకు, రెండున్నరకు విడిగా మాటలున్నాయి: డేఢ్, ఢాయీ. అలా డేఢ్ సౌ 150, ఢాయీ సౌ 250, డేఢ్ హజార్ 1,500. మూడున్నర నుంచి పైకి "సాఢే" ముందు పెడతారు, సాఢే తీన్ సౌ అంటే 350. కౌంటర్ దగ్గర అతికించుకోవాల్సినవి ఇవి. డబ్బు తీసుకుని అమ్మిన చార్టులో ఇవే లేవంటే, తయారుచేసినవాళ్లు ఎప్పుడూ కౌంటర్లో నిలబడలేదనే నా అభిప్రాయం.

ఇవన్నీ వచ్చినా సందేహం వస్తూనే ఉంటుంది. హిందీలో వంద వరకు అంకెలు మనలాగా పదులు, ఒకట్లు కలిపి పలికేవి కావు. 49 ఉన్‌చాస్, 59 ఉన్‌సఠ్, 69 ఉన్‌హత్తర్. హడావుడిలో చెవికి చిక్కవు. అందుకే ఇప్పుడు మావాళ్లకు అన్నిటికన్నా ముందు నేర్పిన వాక్యం "కాల్క్యులేటర్ పర్ దిఖాయియే". కస్టమర్ రేటు నొక్కి చూపిస్తాడు, మనమూ చూసి ఒప్పుకుంటాం, ఆ తర్వాతే బిల్లు. తగ్గదని చెప్పడానికి "ఇస్సే కమ్ నహీఁ హోగా". మార్చి ఇస్తాం గానీ డబ్బు వాపసు ఉండదని, బిల్లు వేయకముందే చెప్పడానికి "బదల్ దేంగే, పైసే వాపస్ నహీఁ హోంగే". చిల్లర ఉందా అని అడగడానికి "ఛుట్టే హైఁ క్యా?". మా షాపులో రోజు గడవడానికి ఇవి సరిపోతున్నాయి.

మీరు ఇలాంటిది కొనేట్టయితే, డబ్బు కట్టకముందే అంకెల పేజీ ఫొటో పంపమనండి. డేఢ్, ఢాయీ, పౌనే లేకపోతే వద్దు. కస్టమర్‌ను పలకరించే మాటల పేజీ కూడా అడగండి. మీరు అనే "ఆప్", కావాలి అనే "చాహియే" కనబడాలి. నేను డబ్బు వెనక్కి అడిగితే, ఆడియో ఫైళ్లు ఒకసారి తెరిచాక రిటర్న్ లేదన్నారు. కొనేటప్పుడు ఆ షరతు ఎక్కడా చెప్పలేదు. ప్రకటన, పేమెంట్ వివరం, వాళ్లతో నడిచిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను. అదే చార్టు కొన్నవాళ్లు ఇంకా ఉంటే మీ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి, మీరూ ఫిర్యాదు చేయండి.