మూడేళ్లుగా గింప్‌లో వాట్సాప్ స్టిక్కర్లు: సైజుతో గొడవ లేదు, అంతా అంచుతోనే

మా ఇంటి గ్రూపులో రోజూ పొద్దున ఎనిమిదింటికి మా నాయనమ్మ వేలు చూపిస్తూ "తిన్నావా?" అని అడుగుతుంది. ఆవిడ కాదు, ఆవిడ స్టిక్కర్. డల్లాస్‌లో ఉన్న మా అక్క పంపిస్తుంది, అక్కడ అప్పుడు రాత్రి. ఆ స్టిక్కర్ చేసింది నేనే. మూడేళ్లలో ఇంట్లోవాళ్లవి, స్నేహితులవి కలిపి రెండు వందల పైచిలుకు చేశాను. ఫోన్ యాప్‌లతో మొదలుపెట్టి, విసిగిపోయి, చివరికి కంప్యూటర్‌లో గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాం, ఆ తర్వాత రెండు చిన్న కమాండ్‌లు అనే పద్ధతికి వచ్చాను. ఇంతకాలం వాడాక ఈ పద్ధతి మీద నాకేమనిపించిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాట్సాప్ స్టిక్కర్‌కి పెట్టిన కొలతలు. బొమ్మ సరిగ్గా 512 పిక్సెళ్ల వెడల్పు, 512 ఎత్తు ఉండాలి. ఫైలు వెబ్‌పీ రకానిది కావాలి. కదలని స్టిక్కర్ 100 కేబీ దాటకూడదు, కదిలేదైతే 500 కేబీ. బొమ్మ వెనక ఖాళీగా, అంటే పారదర్శకంగా ఉండాలి. కాన్వాస్ అంచుకీ బొమ్మకీ మధ్య 16 పిక్సెళ్ల జాగా వదలమని, బొమ్మ చుట్టూ 8 పిక్సెళ్ల తెల్ల గీత పెట్టమని వాళ్ల సలహా. ప్యాక్‌గా పెట్టాలంటే కనీసం మూడు, ఎక్కువలో ఎక్కువ ముప్పై స్టిక్కర్లు ఉండాలి. ప్యాక్‌కి 96 పిక్సెళ్ల చదరపు చిన్న గుర్తు ఒకటి వేరుగా ఇవ్వాలి, అది 50 కేబీ లోపు.

ఈ అంకెలు చూసి మొదట్లో నాకు టెన్షన్ 100 కేబీ గురించే. అది ఉత్త భయం. నాయనమ్మ బొమ్మని ఏ నష్టం లేకుండా దాచితే 240 కేబీ వచ్చింది, అది కుదరదు. అదే బొమ్మని నాణ్యత 80 పెట్టి వెబ్‌పీ చేస్తే 34 కేబీ! ఫోన్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపెట్టలేకపోయాను. జేపెగ్ కూడా ఇంత చిన్నగా చేస్తుంది గానీ దానికి పారదర్శకత తెలియదు, వెనక ఏదో ఒక రంగు నింపేస్తుంది. పీఎన్‌జీకి పారదర్శకత తెలుసు, కానీ ఫొటో లాంటి బొమ్మ అయితే బరువెక్కిపోతుంది. వెబ్‌పీలో రెండూ కుదురుతాయి: రంగుల్ని నష్టంతో కుదిస్తూనే, ఎక్కడ ఎంత కనబడాలో చెప్పే ఆల్ఫా అనే పొరని మాత్రం చెక్కుచెదరకుండా ఉంచుతుంది.

అసలు కష్టమంతా ఆ ఆల్ఫా దగ్గరే ఉంది. నాయనమ్మ ఫొటో ఊళ్లో మా పాతింటి తలుపు ముందు తీసింది. తలుపుకి ముదురు నీలం రంగు, ఆవిడది ముగ్గుబుట్ట లాంటి తల. ఫోన్ యాప్‌లో వేలితో నొక్కితే రెండు సెకన్లలో బొమ్మ విడిగా వచ్చేసింది. బాగుందనుకుని పంపాను. తర్వాత మా బాబాయి డార్క్ మోడ్‌లో చూసి "అమ్మకి జుట్టు చుట్టూ గ్యాస్ పొయ్యి మంటలా ఏంట్రా అది?" అన్నాడు. నిజమే, తల చుట్టూ సన్నటి నీలం అంచు. నా ఫోన్‌లో వెనక లేత రంగు ఉండబట్టి నాకు కనబడలేదు.

అది ఎందుకొస్తుందంటే, ఫొటోలో అంచు దగ్గరి పిక్సెల్ పూర్తిగా జుట్టూ కాదు, పూర్తిగా తలుపూ కాదు. రెండూ కలిసిన రంగు. కత్తిరించేటప్పుడు ఆ పిక్సెల్‌ని సగం పారదర్శకం చేసినా, మిగిలిన సగంలో తలుపు నీలం ఉండనే ఉంది. తెల్ల గీత చుడితే కప్పేస్తుందిలే అనుకున్నాను. ఇంకా అధ్వాన్నం: తెల్ల జుట్టుకీ తెల్ల గీతకీ మధ్య నీలం దారం కుట్టినట్టు తేలింది.

గింప్‌లో నేను చేసేది ఇది. ఒంటినీ చీరనీ పాత్ టూల్‌తో చుట్టి, దాన్ని సెలెక్షన్‌గా మార్చి, `Select > Shrink` తో ఒక పిక్సెల్ లోపలికి జరిపి, అంచు మెత్తబడేలా `Feather` ఒకటి పెట్టి, ఎక్కడ చూపాలో ఎక్కడ దాచాలో చెప్పే లేయర్ మాస్క్‌గా ఇస్తాను. గట్టి అంచులకి ఇది చాలు. జుట్టుకి మాత్రం పనికిరాదు, లోపలికి జరిపితే జుట్టు పోయి గుండు అంచులా కనిపిస్తుంది. అక్కడ మాస్క్‌ని మెత్తటి బ్రష్‌తో చేత్తో గీస్తాను. ఆ తర్వాత మాస్క్‌ని లేయర్‌లో కలిపేసి, లేయర్‌కి `Lock alpha channel` నొక్కి, జుట్టు లోపలి నుంచి రంగు తీసుకుని, బ్రష్ మోడ్ `HSL Color` లో పెట్టి అంచు వెంబడి తిప్పుతాను. ఆల్ఫాకి తాళం పడింది కాబట్టి ఆకారం మారదు. వెలుగునీడలూ అలాగే ఉంటాయి, రంగు ఒక్కటే నీలం పోయి బూడిద అవుతుంది. అన్నిటికంటే కింద ఒక లేయర్ వేసి, దాన్ని ఒకసారి నల్లగా, ఒకసారి తెల్లగా, ఒకసారి వాట్సాప్ పచ్చగా నింపి చూస్తాను. మూడింటి మీదా నిలబడితేనే అయినట్టు. ఒక్క బొమ్మకి ఇరవై నిమిషాలు పడుతుంది, అందులో పదిహేను జుట్టుకే. పూలు పెట్టుకున్న జడ అయితే ఇంకా పది కలుపుకోండి.

ఇంకో తిప్పలు కంటికి కనబడని మచ్చలు. మాస్క్ గీసేటప్పుడు బ్రష్ జారిన చోట రెండు శాతం, మూడు శాతం కనబడే పిక్సెళ్లు మిగిలిపోతాయి. మనకి కనిపించవు, కానీ ఖాళీ అంచుల్ని కోసే కమాండ్‌కి కనిపిస్తాయి. ఒకసారి మా చిన్నోడి బొమ్మ ఎన్నిసార్లు చేసినా మూలన బఠాణీ గింజంతే వచ్చింది. కాన్వాస్ అవతలి చివర ఎక్కడో ఒక మచ్చ ఉంది, దాన్ని కూడా బొమ్మే అనుకుని కోయడం ఆపేసింది. అందుకే ఇప్పుడు మాస్క్ కలిపే ముందు `Show Layer Mask` పెట్టి, `Levels` లో తెల్ల త్రికోణాన్ని ఎడమ చివరికి లాగి చూస్తాను. మచ్చలుంటే అమావాస్య చుక్కల్లా వెలుగుతాయి. చూసుకున్నాక దాన్ని రద్దు చేసి, నల్ల త్రికోణాన్ని 15 దాకా జరుపుతాను. అంతకంటే తక్కువ ఉన్నవన్నీ సున్నా అయిపోతాయి.

అంచు శుభ్రం అయ్యాక లెక్క సులువు. 512లో రెండు పక్కలా 16 చొప్పున తీస్తే 480. తెల్ల గీతకి రెండు పక్కలా 8 చొప్పున తీస్తే 464. అంటే బొమ్మ పొడుగాటి వైపు 464 ఉండాలి. ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాం కమాండ్ ఇది, ఖాళీ అంచులు కోసి, బొమ్మని ఆ సైజుకి తెచ్చి, 512 కాన్వాస్ మధ్యలో పెడుతుంది.

```
magick avva.png -trim +repage -resize 464x464 \
  -background none -gravity center \
  -extent 512x512 avva512.png
```

ఈ ఫైలుని మళ్లీ గింప్‌లో తెరిచి, `Alpha to Selection`, ఆపైన `Select > Grow` లో 8 ఇచ్చి, కింద కొత్త లేయర్‌లో తెలుపు నింపుతాను. ఈ వరస తప్పకూడదు. మొదట్లో 3,000 పిక్సెళ్ల అసలు ఫొటో మీదే 8 పిక్సెళ్ల గీత పెట్టి తర్వాత చిన్నది చేసేవాణ్ణి. గీత ఒక్క పిక్సెల్‌కి వచ్చి మాయమయ్యేది.

అక్షరాల దగ్గర తెలుగుకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. "తిన్నావా?" లో నకారం ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో జాగా వదిలితే ఒత్తు కాన్వాస్ బయటకి పోతుంది, అప్పుడు అది "తినావా" అవుతుంది. పైగా స్టిక్కర్ చాట్‌లో చాలా చిన్నగా కనబడుతుంది కాబట్టి సన్నటి ఫాంట్ పనికిరాదు. నేను రామభద్ర వాడతాను, 90 పిక్సెళ్ల సైజుకి తగ్గకుండా. రంగు ఎరుపు పెట్టకండి. నష్టంతో కుదించే వెబ్‌పీ రంగు వివరాలని సగం కొలతలోనే దాచుకుంటుంది, అందుకే తెలుపు మీద ఎర్ర అక్షరం అంచు పాన్ నమిలిన పెదవిలా అలుక్కుంటుంది. నలుపు, ముదురు గోధుమ బాగుంటాయి. ఎరుపే కావాలని పట్టుబడితే, పీఎన్‌జీని వెబ్‌పీగా మార్చే కింది కమాండ్‌లో ఉన్న `-sharp_yuv` కొంత ఆదుకుంటుంది.

```
cwebp -q 80 -sharp_yuv avva512.png -o avva.webp
```

ఎప్పుడైనా 100 కేబీ దాటితే, అంటే బొమ్మ నిండా జరీ, ఆకులు, జనం ఉంటే, `-q 80` బదులు `-size 95000` అని ఇవ్వండి. బైట్లలో ఆ బరువుకి దగ్గరగా తెచ్చే నాణ్యతని అదే వెతుక్కుంటుంది. నాకు ఇది రెండు వందల్లో నాలుగైదు సార్లే అవసరమైంది. ఈ కమాండ్‌లో నాకు నచ్చిన ఇంకో గుణం, పూర్తిగా ఖాళీ అయిన చోట దాగి ఉన్న పాత రంగుల్ని పారేస్తుంది. పీఎన్‌జీలో ఒక్కోసారి చెరిపేసిన వెనక భాగం ఆల్ఫా చాటున అలాగే ఉండిపోతుంది, తెలిసినవాళ్లు దాన్ని బయటకి తీయగలరు. `-exact` అని ఇస్తే మాత్రం పారేయదు, అది ఇవ్వకండి.

తయారైన ఫైలు ఫోన్‌లోకి పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుకోండి. ఫొటోగా పంపితే మధ్యలో జేపెగ్ అయిపోయి, చేసిన పనంతా గంగపాలు. ఇక ప్యాక్ తయారు చేసే ఒక ఫోన్ యాప్ నా ఫైలుని తీసుకుని తనే మళ్లీ కుదించి అంచులు పాడు చేసింది. ప్యాక్‌లో పెట్టాక బయటకి తీసి చూస్తే 34 కేబీ కాస్తా 11 అయింది. దాన్ని వదిలేసి, ఫైలుని ఉన్నది ఉన్నట్టు తీసుకునే ఇంకోదానికి మారాను. మీరూ మొదటి స్టిక్కర్‌తోనే ఆ పరీక్ష చేసుకోండి.

మా బావమరిది నెట్ నుంచి దించిన "ట్రాన్స్‌పరెంట్" బొమ్మలు పంపుతూ ఉంటాడు. సగం వాటిలో వెనక బూడిద, తెలుపు గళ్లు బొమ్మలోనే అచ్చయి ఉంటాయి. గింప్‌లో పెద్దది చేసినప్పుడు గళ్లు కూడా బొమ్మతో పాటు పెద్దవైతే అవి నిజం గళ్లే, అందులో ఆల్ఫా లేదని అర్థం. అసలు ఖాళీ అయితే గళ్ల సైజు మారదు.

టెలిగ్రామ్ వాళ్లకి వేరే ఫైలు అక్కర్లేదు. అక్కడ ఒక వైపు 512 ఉంటే చాలు, రెండోది తక్కువైనా సరే. 512 కేబీ దాకా ఒప్పుకుంటారు, వెబ్‌పీ అయినా పీఎన్‌జీ అయినా తీసుకుంటారు. కదిలే స్టిక్కర్లకి మాత్రం నా పద్ధతి చేతకాదు. ప్రతి ఫ్రేములో జుట్టు అంచు చేత్తో దిద్దే ఓపిక నాకు లేదు, రెండు చేసి మానేశాను.

రోజుకొక స్టిక్కర్ సరదాగా చేసి మర్చిపోయేవాళ్లకి ఫోన్‌లో వేలితో కత్తిరించేదే మేలు, ఇదంతా దండగ. ఏళ్ల తరబడి వాడుకునే నాలుగు మొహాలుంటే మాత్రం ఆ ఇరవై నిమిషాలు పెట్టండి. పెట్టేదేదో పంపకముందే పెట్టండి. ఒకసారి పంపిన స్టిక్కర్ అవతలివాళ్ల ఫోన్‌లో వాళ్ల సొంతమైపోతుంది, మనం దిద్దినంత మాత్రాన అది మారదు. జుట్టు శుభ్రంగా ఉన్న నాయనమ్మని పంపి రెండేళ్లు దాటింది. మా అక్క ఫేవరెట్స్‌లో మాత్రం ఇంకా ఆ నీలం అంచుదే ఉంది, రోజూ ఎనిమిదింటికి వచ్చేది అదే.