హైదరాబాద్ నుండి బెంగళూరుకు ఇల్లు మారేవారికి హెచ్చరిక: సామాను గోదాములో ఆపి డబ్బు గుంజే ప్యాకర్లు

గత వేసవిలో మా రెండు పడకగదుల ఇంటి సామాను కూకట్‌పల్లి నుండి బెంగళూరులోని వైట్‌ఫీల్డ్‌కు తరలించడానికి ఒప్పుకున్న ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థ, చెప్పిన ధరకు దాదాపు రెట్టింపు చెల్లిస్తే తప్ప సామాను ఇవ్వబోమని దాన్ని తమ గోదాములోనే ఆపివేసింది. ఈ మోసానికి ఒక క్రమం ఉన్నది. అది తెలిసినవారు సామాను లారీ ఎక్కకముందే దాన్ని పసిగట్టగలరు కనుక జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

మేము అడిగిన మూడు సంస్థలలో రెండు ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది వేల రూపాయలు చెప్పగా, మూడవది 24,000 రూపాయలు, పన్ను అదనం అని చెప్పింది. మొదటి రెండు సంస్థలవారు ఇంటికి వచ్చి గది గదీ చూసి సామాను జాబితా రాసుకున్నారు. మూడవవారు ఫోనులోనే విని ధర చెప్పి, ఒక వ్యక్తి పేరున ఉన్న ఖాతాకు యూపీఐ ద్వారా అడ్వాన్సు పంపమన్నారు. సామాను కళ్ళతో చూడకుండా చెప్పిన ధరకు ఆధారం ఏదీ ఉండదు. పైగా జాబితా లేకపోతే ‘ఇది మాటలో లేని సామాను’ అని తరువాత ఏ వస్తువుకైనా అదనంగా అడగవచ్చు.

లోడింగు రోజున రావలసిన పద్నాలుగు అడుగుల లారీకి బదులు ఒక చిన్న టాటా ఏస్ వచ్చింది. పెద్ద బండి సందులోకి రాదని, ఊరి బయట లారీలోకి మారుస్తామని హమాలీలు చెప్పారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంటి ముందు ఎక్కించిన బండే నేరుగా గమ్యానికి చేరితే, కర్నూలు, అనంతపురం మీదుగా దాదాపు 570 కిలోమీటర్ల ఈ దారిలో సామాను సాధారణంగా మరుసటి రోజుకు వచ్చేస్తుంది. గోదాములో దించి, వేరే ఇళ్ళ సామానుతో కలిపి పార్ట్ లోడుగా పంపినప్పుడు మాత్రం ఎప్పుడు కదులుతుందో, ఎవరి చేతుల్లో ఉందో మనకు తెలియదు. దించి ఎక్కించిన ప్రతిసారీ దెబ్బ తగిలే అవకాశమూ పెరుగుతుంది. పార్ట్ లోడు చవక కనుక తెలిసి ఎంచుకోవడంలో తప్పు లేదు. పూర్తి లారీ అని చెప్పి పార్ట్ లోడులో పంపడమే మోసం. అందువల్ల బండి పొడవు, నడుమ మార్పిడి ఉండదన్న మాట కొటేషన్‌లోనే రాయించుకోవాలి, లోడింగు నాటి బండి నంబరును ఫొటో తీసుకోవాలి.

కొన్ని రోజుల తరువాత ఫోను వచ్చింది. సామాను బరువు ఎక్కువ వచ్చిందని 11,000, నాలుగు లక్షల విలువకు మూడు శాతం చొప్పున బీమాకు 12,000 కలిపి మొత్తం 47,000 అయిందని, దానిపై 18 శాతం జీఎస్టీ 8,460 చేర్చి 55,460 రూపాయలు కట్టాలని, ఆలస్యమైతే రోజువారీ గోదాము అద్దె కూడా పడుతుందని చెప్పారు. వద్దనుకున్న ముప్పై ఎనిమిది వేల కొటేషన్ దీని ముందు చవకగా కనిపించింది.

మేము ఫోనులో వాదించడం మానేసి వాట్సాప్‌లో నాలుగు అడిగాము: కాటా చీటీ, బీమా పాలసీ నంబరు, లారీ రసీదు ప్రతి, ప్రస్తుతం సామాను ఉన్న చిరునామా. కాటా చీటీ రాలేదు. బీమా అని వసూలు చేయబోయినది ఏ బీమా కంపెనీ పాలసీ కాదు, తమ బిల్లు మీద వారే రాసుకున్న ఒక వరుస. ప్యాకరు స్వయంగా బీమా ఇవ్వలేడు. నిజమైన ట్రాన్సిట్ బీమాకు బీమా కంపెనీ జారీ చేసిన పత్రం, దానిపై మన పేరు, వస్తువుల విలువ ఉంటాయి, అది లారీ కదలకముందే చేతికి రావాలి. ప్రమాదం, అగ్ని వంటివాటికే పరిమితమా, లేక దించడంలో పగిలినదానికి కూడా వర్తిస్తుందా అన్నది అందులోనే చూసుకోవాలి. చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి ఆ సంఖ్యను వారికి పంపిన తరువాత ఆ రెండు అదనాలూ తొలగి, 24,000కు పన్ను కలిపి 28,320తో వ్యవహారం ముగిసింది. ప్రతిసారీ ఇంత తేలికగా ముగుస్తుందని నేను అనను. సామాను ఇవ్వకుండా బెదిరిస్తే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి వెనుకాడనక్కరలేదు.

లారీ రసీదును, అంటే వ్యాపారులు బిల్టీ అనే కాగితాన్ని, చాలామంది పట్టించుకోరు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం రవాణాదారు బాధ్యతకు ఆధారం ఆ కాగితమే. ఎక్కువ విలువ ప్రకటించి అదనపు కిరాయి కట్టకపోతే, నష్టపరిహారం కిరాయికి పది రెట్లకు మించదు. మా విషయంలో అది 2,40,000 రూపాయలు. అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు: బుకింగు తేదీ నుండి 180 రోజులలోగా నష్టం గురించి రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే ఆ చట్టం కింద దావాకు వీలుండదు. సామాను దిగగానే డెలివరీ కాగితం మీద ‘అన్నీ సక్రమంగా అందినవి’ అని సంతకం పెట్టమంటారు. పెట్టెలన్నీ విప్పేవరకు హమాలీలు ఆగరు కనుక, పైకి కనిపించే దెబ్బలు రాసి, ‘పెట్టెల లోపల పరిశీలించలేదు’ అని చేర్చి సంతకం చేయాలి.

మాకు పోయినవి రెండు. ముందు తలుపు వాషింగ్ మెషీన్‌కు వెనుక బిగించవలసిన ట్రాన్సిట్ బోల్టులు లేకుండానే ఎక్కించడంతో డ్రమ్ము ఊగి దెబ్బతిన్నది. కొన్నప్పుడు మెకానిక్ విప్పి ఇచ్చే ఆ బోల్టులను పారవేయకూడదు. లేకపోతే సర్వీసు కేంద్రంలో అడిగి తెచ్చుకోవాలి. రెండవది పార్టికల్ బోర్డు మంచం. ఆ చెక్కలో ఒకసారి విప్పిన మర మళ్ళీ గట్టిగా పట్టదు. పాత పార్టికల్ బోర్డు మంచాలు, అల్మరాలు మోయించడం కంటే ఉన్న ఊరిలోనే అమ్ముకోవడం లాభమని నా అభిప్రాయం. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగించి, నీరు తుడిచి, నిలబెట్టే తీసుకువెళ్ళమనాలి.

ఇక తేదీ. నెలాఖరు, ఒకటో తేదీలలోను, బడులు తెరిచే ముందు మే, జూన్ నెలలలోను బండ్లకు గిరాకీ ఎక్కువ. మేము చిక్కుకున్నది ఆ రద్దీలోనే. మనవారు ఆషాఢంలో ఇల్లు మారరు కనుక, పట్టింపు లేనివారికి అప్పుడు బేరం చేయడం సులువు. అయితే అది వానల కాలం, మూసిన కంటైనరు బండే అడగాలి. రెండు నగరాలలోను పెద్ద లారీలకు పగటివేళ ప్రవేశంపై ఆంక్షలు ఉన్నాయి, అనేక అపార్టుమెంట్లలో రాత్రి లిఫ్టు వాడనివ్వరు. ఈ రెండింటి మధ్య బండి నిలిచిపోతే దానికీ వెయిటింగ్ చార్జీ అడుగుతారు కనుక, కొత్త ఇంటి సంఘం వేళలను ముందే కనుక్కుని కొటేషన్‌లో చేర్పించాలి.

సంస్థ ఇచ్చిన పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే చట్టబద్ధమైన పేరు, నమోదైన తేదీ, అది రద్దయిందా లేదా అన్నది కనిపిస్తాయి. మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. మాకు బిల్లు మీద ఇచ్చిన నంబరు వేరే పేరుతో ఉన్నది. ఇప్పటికే నష్టపోయినవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తాము ఇప్పుడు నివసిస్తున్న జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము ఉండదు. కొటేషన్, లారీ రసీదు, వాట్సాప్ సంభాషణ, డెలివరీ కాగితం, దెబ్బతిన్న వస్తువుల ఫొటోలు దానికి జతపరచాలి.