జాగ్రత్త: "ఏ కెమెరాకైనా పనిచేస్తుంది" అని అమ్మే లట్ ప్యాక్ కొనే ముందు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఎడిట్ చేసేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. రెండు నెలల కిందట ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలు పెట్టి ఒక లట్ ప్యాక్, అంటే వీడియో రంగులు మార్చే ఫైళ్ల కట్ట, కొన్నాను. "600 సినిమాటిక్ లట్స్, ఏ కెమెరాకైనా, ఒక్క క్లిక్ చాలు" అని ప్రకటన. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇవే మాటలతో అమ్మే ప్యాకులు ఇంకా బోలెడు ఉన్నాయి కాబట్టి, ఆ మాటల వెనక ఏముందో తెలిస్తే మీ డబ్బులు మిగులుతాయి.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో పెళ్లికూతుర్ని చేసే ఫంక్షన్. గుమ్మానికి పచ్చి మామిడాకుల తోరణం, పెళ్లికూతురి చెంపలకీ చేతులకీ పసుపు, పక్కన వాళ్ల నాన్నగారు జరీ అంచు తెల్ల పంచెలో. "అన్నా, సినిమాటిక్‌గా కావాలి" అని అమ్మాయి అడిగింది. నేను ప్యాక్‌లోంచి టీల్ ఆరెంజ్ రకం ఒకటి తీసి టైమ్‌లైన్ మొత్తానికి వేశాను. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్‌లో చూస్తే బ్రహ్మాండంగా అనిపించింది. మర్నాడు వాళ్లింట్లో పెద్ద టీవీలో పెట్టాం. ఐదు నిమిషాలు కాకముందే వాళ్లమ్మగారు అడిగారు: "బాబూ, మామిడాకులు నీలంగా ఉన్నాయేంటి? మా పిల్లకి మేం పసుపు రాశామా, పారాణి పూశామా?" నాన్నగారు ఏమీ అనలేదు కానీ పంచె వైపు చూపించారు. జరీ అంచూ లేదు, మడతలూ లేవు, ఒక తెల్లటి ముద్ద. అమ్మాయి జడ అయితే నల్లరంగు పూసినట్టు ఉంది, పాయలే కనపడలేదు.

ఆ ఇంట్లోంచి బయటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు మళ్లీ రాదు కదా వాళ్లకి. అందుకే ఎక్కడ తేడా కొట్టిందో మూలం దాకా వెళ్లి చూశాను.

లట్ అంటే ఒక పట్టిక, ఎక్కాల పుస్తకం లాంటిది. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత లోపలికి వస్తే, బదులుగా ఇంతింత బయటికి పంపు అని అందులో రాసి ఉంటుంది. అంతే. ఫ్రేములో పసుపు రాసిన చెంప ఉందా, ఇసుక దిబ్బ ఉందా అన్నది దానికి తెలియదు. షాట్ చీకటిగా పడిందా, వైట్ బ్యాలెన్స్ తప్పిందా అన్నది కూడా తెలియదు. కాబట్టి ఆ పట్టికని ఎలాంటి ఫుటేజ్ మనసులో పెట్టుకుని తయారు చేశారో, మనం లోపలికి పంపేది కూడా అలాంటిదే కావాలి.

నా దగ్గర తప్పింది ఇక్కడే. నేను షూట్ చేసింది మామూలు Rec.709లో, అంటే కెమెరాలోనే రంగులు, కాంట్రాస్ట్ వచ్చేసిన ఫుటేజ్. నేను వేసిన లట్ తయారైంది S-Log3 కోసం, అంటే సోనీ కెమెరాల్లో ఉండే లాగ్ రకం రికార్డింగ్ కోసం. S-Log3లో తీస్తే బొమ్మ బూడిద రంగులో, చప్పగా కనిపిస్తుంది. అక్కడ తెల్ల కాగితం లాంటి తెలుపు, వెలుగుని కొలిచి చూపే వేవ్‌ఫామ్ మీద 61 శాతం దగ్గరే కూర్చుంటుంది. పైన మిగిలిన జాగా అంతా దీపాలు, ఆకాశం లాంటి అంతకన్నా వెలుగైన వాటి కోసం. మామూలు ఫుటేజ్‌లో అదే తెలుపు 90 దాటి ఉంటుంది. ఇప్పుడు లాగ్ లట్ ఏం చేస్తుంది? 61 దగ్గరున్నదాన్ని పైకి లాగి తెలుపు చేస్తుంది. నాన్నగారి పంచె అప్పటికే 90లో ఉంది కాబట్టి లట్ దాన్ని బట్ట అనుకోదు, కాలుతున్న లైటు అనుకుని పై కొసకి తోసేస్తుంది. కింద కూడా ఇదే కథ. S-Log3లో నలుపు అడుగు నుంచి కొంచెం పైకి తేలి ఉంటుంది. లట్ దాన్ని కిందికి దించుతుంది. నా ఫుటేజ్‌లో ముందే కింద ఉన్న జడ నేలలోకి దిగిపోయింది.

మరి రాత్రి చూసినప్పుడు ఎందుకు బాగుందనిపించింది? మధ్య బూడిద రంగు S-Log3లో 41 శాతం దగ్గర ఉంటుంది, మామూలు Rec.709లో కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే మధ్య వెలుగులో ఉన్నవి పెద్దగా చెడవు. అంచులు మాత్రమే చచ్చిపోతాయి. చిన్న స్క్రీన్ మీద, అలసిన కళ్లకి అది "మంచి కాంట్రాస్ట్" లాగే కనిపిస్తుంది. వేవ్‌ఫామ్ తెరిచి ఉంటే పంచె పైన గీత గీసినట్టు చదునుగా అతుక్కుపోయి ఉండటం కనపడేది.

ప్రకటనలోని మోసం కూడా ఇక్కడే ఉంది. వాళ్లు పెట్టే "ముందు" బొమ్మ చాలావరకు చప్పటి బూడిద రంగులో ఉంటుంది. అది లాగ్ ఫుటేజ్. "తర్వాత" బొమ్మలో మనకి కనపడే మార్పులో ఎక్కువ భాగం లాగ్‌ని మామూలు బొమ్మగా మార్చడమే. ఆ మార్పిడి కోసం సోనీ తన సైట్‌లో లట్‌లు ఉచితంగానే ఇస్తోంది. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో కూడా అదే పని చేసే Color Space Transform ఉంది. ఇక వాళ్లు కొత్తగా కలిపిన "లుక్" అనేది దాని మీద పలచటి పూత మాత్రమే.

అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే "ఇంటెన్సిటీ తగ్గించుకోండి, డిజిటల్ వస్తువుకి రీఫండ్ ఉండదు" అని జవాబు వచ్చింది. ప్రీమియర్‌లో Creative ట్యాబ్‌లో Intensity 50కి దించి చూశాను. తప్పు సగానికి తగ్గింది గానీ పోలేదు. మామిడాకు నీలం కాస్తా నీలిపచ్చ అయింది. ఒక విషయం గమనించండి. లట్ వేసిన తర్వాత వెలుగు తగ్గిస్తే పంచె తెల్ల ముద్ద కాస్తా బూడిద ముద్ద అవుతుందే తప్ప మడతలు తిరిగి రావు. అదే దిద్దుబాటు లట్‌కి ముందు చేస్తే వస్తాయి. రిజాల్వ్‌లో మొదటి నోడ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేసి, లట్‌ని దాని తర్వాతి నోడ్‌లో పెట్టాలి.

రంగుల సంగతి వేరే. సరైన ఫుటేజ్ మీద వేసినా టీల్ ఆరెంజ్ లట్ మన ఫంక్షన్లకి నప్పడం కష్టం. అది పసుపుని నారింజ వైపు, ఆకుపచ్చని నీలం వైపు తోస్తుంది. చర్మం రంగు నారింజ దగ్గరే ఉంటుంది కాబట్టి మనిషి విడిగా నిలబడతాడు, అదీ వాళ్ల ఉద్దేశం. కానీ మన దగ్గర చర్మం మీదే పసుపు ఉంది. రెండూ ఒకే రంగులోకి జారితే చెంపకీ పసుపుకీ తేడా పోతుంది. ఏ రంగు ఎటు ఉందో చూపే వెక్టర్‌స్కోప్‌లో ముందు చర్మం గీత పక్కనే, పసుపు వైపు ఇంకో కొమ్మ విడిగా కనపడింది. లట్ వేశాక రెండూ కలిసి ఒకటే కొమ్మ అయ్యాయి. వాళ్లమ్మగారు స్కోప్ చూడకుండానే అదే చెప్పారు.

కొనేశారా? వాడే ముందు ఇలా చూడండి. లట్ ఉండే .cube ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పైన ఇలాంటి వరస ఉంటుంది:

```
LUT_3D_SIZE 33
```

33 అంటే ఒక్కో రంగుకి 33 మెట్లు, మొత్తం 35,937 రంగులకి జవాబు రాసి ఉందన్నమాట. మధ్యలో పడ్డవాటిని సాఫ్ట్‌వేర్ అంచనా కట్టుకుంటుంది. నా ప్యాక్‌లో చాలావాటికి 17 అని ఉంది, అంటే 4,913 మాత్రమే. మెత్తని లుక్‌కి అది సరిపోవచ్చు, గట్టిగా మెలితిప్పే లుక్‌కి మాత్రం సాయంత్రపు ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడ్డాయి. ఫైల్ లాగ్ కోసమా కాదా తెలుసుకోవాలంటే నలుపు నుంచి తెలుపు దాకా సాగే గ్రేడియంట్ బొమ్మ ఒకటి తీసుకుని దాని మీద వేయండి. కింది కొస కొంత భాగం మొత్తం నల్లగా మూసుకుపోయి, పై కొస పాతిక భాగం దాకా తెల్లగా చదునైపోతే అది లాగ్ లట్. "600" లెక్క కూడా చూడండి. ఫోల్డర్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది కొడితే అచ్చంగా ఒకేలా ఉన్న ఫైళ్లు గుంపులుగా బయటపడతాయి:

```
Get-ChildItem -Recurse -Filter *.cube | Get-FileHash | Group-Object Hash | Where-Object Count -gt 1
```

లోపల టైటిల్ వరస మార్చి ఉంటే మాత్రం ఇది పట్టుకోలేదు.

ఇందులో నా వైపు తప్పు కూడా ఉంది. "సినిమాటిక్" అన్న ఒక్క మాట పట్టుకుని పని మొదలుపెట్టాను. ఆ అమ్మాయికి దాని అర్థం వేరు, లట్ చేసినవాళ్లకి వేరు. రెండోసారి వాళ్లింటికి వెళ్లి, గ్రేడ్ చేయని వీడియో ఆపి ఆపి చూపిస్తూ అడిగాను. ఇందులో ఏ రంగు అస్సలు మారకూడదు? నల్లగా ఉన్నచోట ఏం కనపడాలి? తెల్లగా ఉన్నచోట ఏం కనపడాలి? ఏ పూట వెలుగులా ఉండాలి? వాళ్లు చెప్పింది కాగితం మీద ఇలా రాసుకున్నాను:

"పసుపు పసుపుగానే ఉండాలి, మామిడాకు పచ్చి ఆకులాగే ఉండాలి. జడలో పాయలు, పంచెకి మడతలు తెలియాలి. మొత్తం మీద పొద్దున ఏడింటి ఎండలా కొంచెం వెచ్చగా. నీడల్లో నీలం వద్దు. రంగులు టీవీ సీరియల్‌లా గుచ్చుకోకూడదు."

ఈ ఐదు వాక్యాల్లో ప్రతి మాటకీ ఒక నాబ్ ఉంది. పాయలు తెలియాలంటే నలుపు కొంచెం పైకి ఎత్తాలి. మడతలు తెలియాలంటే వెలుగుని మెల్లగా వంచి ఆపాలి. ఏడింటి ఎండ అంటే వెచ్చదనం వెలుగుల్లోనూ మధ్యలోనూ ఉండాలి, నీడలు మాత్రం ఏ రంగూ లేకుండా ఉండాలి. గుచ్చుకోకూడదంటే శాచురేషన్ కాస్త తగ్గించాలి, కానీ పసుపుని, ఆకుపచ్చని విడిగా పట్టుకుని వాటి జోలికి పోకూడదు. లట్ లేకుండా మూడు నోడ్లతో అయిపోయింది. అదే పనిని "మూడీ", "ప్రీమియం" అని చెప్పి ఉంటే మళ్లీ ఊహించుకుంటూ కూర్చునేవాడిని.

ఇంకా కొనాలనుకుంటే డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లని రెండు అడగండి: ఇది ఏ ఇన్‌పుట్ కోసం, S-Log3 లాంటి లాగ్‌కా, Rec.709కా? శాంపిల్‌గా ఒక్క .cube ఫైల్ పంపుతారా? మొదటిదానికి "అన్నిటికీ పనిచేస్తుంది" అని జవాబు వస్తే వదిలేయండి. శాంపిల్ పంపితే వాళ్ల డెమో క్లిప్ మీద చూడకండి, మీరు తీసిన పసుపు ఫంక్షన్ షాట్ మీద వేసి, ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా టీవీలో చూపించండి.