వడ్డీ రేటు ముందా, షేర్ల ధర ముందా: స్ట్రక్చరల్ వీఏఆర్‌లో ఏ వరుస మేలు?

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఎవరూ ఊహించని విధంగా వడ్డీ రేటు పెంచితే షేర్ల ధరలు ఎంత పడతాయో నెలవారీ గణాంకాల నుంచి రాబట్టాలనుకునేవారికి, ప్రతి చలరాశినీ అన్నింటి గత విలువలతో వివరించే వెక్టర్ ఆటోరిగ్రెషన్‌ను, అంటే వీఏఆర్‌ను, అంచనా కట్టడం కష్టం కాదు. కష్టమంతా ఆ తరువాతే మొదలవుతుంది. గత నెలల విలువలతో వివరించగా మిగిలిన అవశేషాలను మాత్రమే మోడల్ మన చేతికిస్తుంది. ఒకే నెలలో రేటు, ధర రెండూ కదిలితే ఏది దేనిని కదిలించిందో అవి చెప్పవు. రెండు అవశేషాలకు రెండు విస్తృతులు, ఒక సహవిస్తృతి కలిపి 3 సంఖ్యలే తెలుస్తాయి. కానీ రేటుకు, ధరకు విడివిడిగా తగిలే ఊహించని కుదుపులు, అంటే రెండు షాక్‌లు, ఆ నెలలోనే రెండు చలరాశులపై చూపే ప్రభావాలు 4. అందువల్ల ఒక షరతును మనమే బయటి నుంచి తెచ్చిపెట్టాలి. సహవిస్తృతి మాత్రికను త్రిభుజాకార మాత్రికగా విడదీసే చోలెస్కీ విభజనలో చలరాశుల వరుసే ఆ షరతు: తరువాత రాసినదానికి తగిలిన షాక్ ముందు రాసినదానిని ఆ నెలలో కదిలించదు.

లెక్క కోసం కొన్ని ఊహా సంఖ్యలు తీసుకుందాం. రేటు అవశేషపు ప్రామాణిక విచలనం 0.2 శాతం పాయింట్లు, షేర్ల ధరది 4 శాతం, సహసంబంధం −0.3 అనుకుంటే సహవిస్తృతి −0.24 అవుతుంది.

రేటును ముందు రాస్తే, దానిని 0.2 పాయింట్లు పెంచే షాక్‌కు షేర్లు ఆ నెలలోనే −0.24 / 0.2 = −1.2 శాతం కదులుతాయి, అంటే 0.25 పాయింట్లకు 1.5 శాతం పడతాయి. షేర్లను ముందు రాస్తే అదే ప్రభావం సున్నా. ఇది గణాంకాలు తేల్చిన సున్నా కాదు, మనం పెట్టిన సున్నా. పైగా ఈ వరుసలో, షేర్లను 4 శాతం పెంచే షాక్ వస్తే ఫెడ్ రేటును 0.06 పాయింట్లు తగ్గిస్తుందని తేలుతుంది. మార్కెట్ ఉరకలేస్తున్నప్పుడు రేటు తగ్గించే కేంద్ర బ్యాంకు అరుదు కనుక, ఈ తలకిందుల గుర్తు దగ్గరే అనుమానం రావాలి.

రెండు వరుసలూ అదే సహవిస్తృతి మాత్రికను అణువంత తేడా లేకుండా తిరిగి నిర్మిస్తాయి కాబట్టి, మోడల్ గణాంకాలకు ఎంత బాగా సరిపోయిందో కొలిచే లైక్లీహుడ్‌ను గానీ ఏఐసీని గానీ అడిగి ప్రయోజనం లేదు. తీర్పు గణాంకాల బయట, క్యాలెండర్‌లో ఉంది. ఫెడ్ విధాన కమిటీ సాధారణంగా ఏడాదికి 8 సార్లు సమావేశమవుతుంది. దాని ప్రకటనకు షేర్ మార్కెట్ నిమిషాల్లో స్పందిస్తుంది. ఊహించని 0.25 పాయింట్ల కోతకు షేర్ సూచీలు దాదాపు 1 శాతం పెరుగుతాయని బెర్నాంకీ, కట్నర్ 2005లో చూపారు. కాబట్టి ఈ రెండింటిలో ఎంచుకోవలసి వస్తే రేటు ముందుండటమే మేలు.

అయితే అదీ నిర్దోషి కాదు. షేర్లు ఎగిసినప్పుడు ఫెడ్ ఆ నెలలోనే కొంత స్పందిస్తుందని, 1 శాతానికి 0.02 పాయింట్లు పెంచుతుందని అనుకుందాం. u_r రేటు అవశేషం, u_s షేర్ల అవశేషం అయితే, u_r - 0.02 u_s ఆ స్పందన తీసేశాక మిగిలే రేటు షాక్. సున్నాకు బదులు ఈ షరతు పెట్టి పై సంఖ్యలనే మళ్లీ లెక్కిస్తే:

```
var(u_r - 0.02 u_s)      =  0.04 + 0.0096 + 0.0064 =  0.056
cov(u_s, u_r - 0.02 u_s) = -0.24 - 0.32            = -0.56
cov(u_r, u_r - 0.02 u_s) =  0.04 + 0.0048          =  0.0448
u_s / u_r                = -0.56 / 0.0448          = -12.5
```

అంటే 0.25 పాయింట్ల పెంపుకు షేర్లు 3.1 శాతం పడతాయి. మొదటి వరుస చెప్పినదానికి ఇది రెట్టింపు, అదీ అవే అవశేషాల నుంచి. ఫెడ్ ప్రతిస్పందన షేర్లను, రేటును ఒకే దిశలో నడుపుతుంది. రేటు షాక్ వాటిని ఎదురు దిశల్లో నడుపుతుంది. రెండూ ఒకదానినొకటి కొంత కొట్టివేశాక మిగిలిన −0.3నే మనం చూస్తున్నాం. ఈ చిక్కు వల్లే బ్యోర్న్‌లాండ్, లైటెమో 2009లో వరుసను వదిలి, రేటు షాక్ నిజ షేర్ల ధరను దీర్ఘకాలంలో మార్చదనే షరతు పెట్టారు. 1 పాయింట్ పెంపుకు 7 నుంచి 9 శాతం తక్షణ పతనం వచ్చింది. నా మొగ్గు ఇలాంటి మూడో దారికే, దీర్ఘకాల షరతుకు చాలినంత పొడవైన శ్రేణి ఉన్నప్పుడు.

ఉత్పత్తి, ధరల స్థాయి కూడా చేరితే 4 చలరాశులకు 24 వరుసలు వస్తాయి గానీ అంత కంగారు అక్కర్లేదు. మనకు కావలసింది రేటు షాక్ ఒక్కటే అయితే, రేటుకు ముందున్నవి తమలో తాము ఏ క్రమంలో ఉన్నా, వెనకున్నవి ఏ క్రమంలో ఉన్నా ఫలితం మారదు. ఏవి ముందు, ఏవి వెనుక అన్నదే ముఖ్యం. ఉత్పత్తి, ధరలు ఒక నెలలో రేటుకు కదలవనడం నమ్మదగినదే కనుక వాటిని ముందుంచవచ్చు. అదే మాటను త్రైమాసిక గణాంకాలకు చెప్పడం కష్టం. ఇక వరుసను తిరగేసి షేర్లను రేటుకు ముందుకు తెచ్చి, ఫలితం నిలిచిందని చూపే అలవాటు ఈ ప్రశ్నలో పనికిరాదు, ఎందుకంటే ఆ పట్టికలో మొదటి నెల గడిలో ఉండేది మనం రాసిన సున్నాయే.