అప్పీలు తేలేదాకా వసూలు ఆపమనే లేఖ: 20 శాతం కట్టి రాయాలా, కట్టకుండా రాయాలా?

1961 ఆదాయపు పన్ను చట్టం కింద అసెస్‌మెంట్ ఆర్డర్, దాంతో డిమాండ్ నోటీసు వచ్చాయనుకోండి. మామూలుగా కట్టడానికి 30 రోజుల గడువు. ఫారం 35లో అప్పీలు వేశాం కదా అని ఊరుకుంటే కుదరదు, అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. పోర్టల్‌లో ఈ డిమాండ్ ఒప్పుకోవడం లేదని నమోదు చేసినా అది స్టే కాదు. సెక్షన్ 220(6) కింద అసెసింగ్ ఆఫీసర్‌కు విడిగా లేఖ పెట్టాలి. లేదంటే బ్యాంకు ఖాతా అటాచ్ అయ్యే ప్రమాదం ఉంది.

ఒక వ్యాపారికి 12 లక్షల డిమాండ్ వచ్చిందనుకుందాం. అందులో 2 లక్షల టీడీఎస్ లెక్కలోకి రాలేదు. ముందు సెక్షన్ 154 కింద సవరణ అడగాలి. వడ్డీలో తేడా పక్కన పెడితే, వివాదం 10 లక్షల మీదే. ఆదాయపు పన్ను శాఖ పైన ఉండే బోర్డు సీబీడీటీ 2017 జూలై 31న ఇచ్చిన మెమో ప్రకారం 20 శాతం, అంటే 2 లక్షలు కడితే మిగతాదానికి మామూలుగా స్టే ఇస్తారు. లేఖ ఒక పేజీ చాలు: పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం, అప్పీలు రసీదు, చలానా. టెన్షన్ తక్కువ. గెలిస్తే కట్టింది నెలకు అర శాతం వడ్డీతో వెనక్కి వస్తుంది.

అసలేమీ కట్టకుండా అడగడమూ తప్పు కాదు. 20 శాతం అన్నది రాతిమీద గీత కాదు, అంతకన్నా తక్కువకూ స్టే ఇవ్వవచ్చని 2018లో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కానీ ఇక్కడ లేఖకు బలం కావాలి. ఇదే అంశంపై మీ పాత సంవత్సరం అప్పీల్లో గెలిచారా? మీ హైకోర్టు తీర్పు మీకు అనుకూలంగా ఉందా? ఆ కాపీ జతచేసి, ఏ పేరాలో ఉందో రాయండి. డబ్బు లేదన్నదే కారణమైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, అప్పుల వివరాలు పెట్టాలి. "కష్టాల్లో ఉన్నాం, దయచూడండి" అని రెండు పేజీలు రాస్తే పని జరగదు.

స్టే వచ్చినా వడ్డీ ఆగదన్న సంగతి చాలామంది పట్టించుకోరు. ఓడిపోతే కట్టని సొమ్ముపై నెలకు ఒక శాతం పడుతుంది. 8 లక్షలు ఆగితే నెలకు 8 వేలు, 10 లక్షలు ఆగితే 10 వేలు. అప్పీలు ఏళ్ల తరబడి నడిస్తే ఇది చిన్న మొత్తం కాదు.

అందుకే చేతిలో అనుకూల తీర్పు లేనివాళ్లకు 20 శాతం కట్టి రాయడమే మేలని నా అభిప్రాయం. తీర్పు ఉంటే పూర్తి స్టే అడగండి, అదే లేఖలో "అది వీలుకాకపోతే వాయిదాలు ఇవ్వండి" అని కూడా చేర్చండి. ఆఫీసర్ కాదంటే ప్రిన్సిపల్ కమిషనర్‌కు పెట్టుకోవచ్చు. అందుకు ఆఫీసర్ ఇచ్చిన తిరస్కరణ ఉత్తర్వు, మీ లేఖ అందినట్టు రసీదు రెండూ చేతిలో ఉండాలి.