ఆరేళ్లుగా ఫీజు కట్టి సలహా తీసుకుంటున్నా: నా అనుభవం

2019కి ముందు నా డబ్బు వ్యవహారాలన్నీ మా బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజరే చూసేవాడు. పైసా అడిగేవాడు కాదు, ఫోన్ చేస్తే ఇంటికే వచ్చి సంతకాలు తీసుకెళ్లేవాడు. "పదేళ్లు లక్ష చొప్పున కట్టండి సార్, ఇరవయ్యేళ్లకు రెట్టింపు, గ్యారంటీ" అంటే పాలసీ తీసుకున్నాను. మ్యూచువల్ ఫండ్లలో కూడా అతని చేతుల మీదుగానే పద్నాలుగు లక్షల దాకా పెట్టాను.

ఫీజు తీసుకునే సలహాదారు దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నా కాస్ స్టేట్‌మెంట్ అడిగారు. అంటే అన్ని ఫండ్లూ కలిపి వచ్చే స్టేట్‌మెంట్. మార్చి, సెప్టెంబరు ముగిశాక ఆరు నెలలకోసారి వచ్చే కాపీలో మనకు ఫండ్లు అమ్మిన డిస్ట్రిబ్యూటర్‌కు ఎంత కమిషన్ ముట్టిందో రూపాయల్లో వేస్తారు. నాకు మెయిల్‌లో వస్తూనే ఉంది, నేను ఏనాడూ చివరి పేజీల దాకా వెళ్లలేదు. కూడితే ఆరు నెలలకు 6,300 తేలింది. ఏడాదికి 12,600, అంటే నా డబ్బులో 0.9 శాతం. ఉచితం అనుకున్నదానికి ఏటా కడుతూనే ఉన్నానన్నమాట.

పాలసీని ఎక్సెల్‌లో పెట్టి చూపించారు. మొదటి పదేళ్లు లక్ష చొప్పున పోతుంది, ఇరవయ్యో ఏడు చివర ఇరవై లక్షలు వస్తుంది. రెట్టింపు మాట నిజమే, కానీ ఏడాదికి లెక్కేస్తే నాలుగున్నర శాతం. అప్పట్లో ఎఫ్‌డీ మీద అంతకంటే ఎక్కువే వచ్చేది. మరి ఫండ్లు అమ్మే మనిషి పాలసీ కోసం అంతగా ఎందుకు వెంటపడ్డాడు? ఫండ్లలో ముందుగా ఇచ్చే కమిషన్‌ను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో ఆపేసింది, ఇప్పుడు మన డబ్బు ఉన్నన్నాళ్లూ కొంచెం కొంచెంగా వస్తుంది. ఇలాంటి బీమా పాలసీలో మొదటి ఏడాది ప్రీమియంలోంచే పెద్ద ముక్క వెళ్తుంది. అందుకే ఎవరైనా, చనిపోతే మాత్రమే డబ్బొచ్చే టర్మ్ పాలసీ మాట ఎత్తకుండా పొదుపు, బీమా కలిపిన పాలసీతో మొదలుపెడితే నాకు అక్కడే అనుమానం వస్తుంది.

ఫీజు సంగతి దాచను. మొదటి ఏడాది ఇరవై వేలు, జీఎస్టీతో 23,600. కమిషన్ రూపంలో పోయేదానికి దాదాపు రెట్టింపు! నొప్పిగానే కట్టాను. ఇప్పుడు నా ఫండ్ల విలువ నలభై లక్షలు, అదే 0.9 శాతం లెక్కన 36,000 పోయేది, నేను కట్టేది జీఎస్టీతో 28,320. పాత ఫండ్లను ఒకేసారి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లకు మార్చనివ్వలేదు ఆయన, ఎందుకంటే అదే స్కీమ్‌లో మారినా అమ్మి కొన్నట్టే లెక్క, లాభం మీద పన్ను పడుతుంది. అప్పట్లో ఏడాదికి లక్ష లాభం దాకా పన్ను లేదు కాబట్టి మూడు ఆర్థిక సంవత్సరాల్లో కొంచెం కొంచెంగా మార్పించారు, కొత్త సిప్‌లు మాత్రం మొదటి నెల నుంచే డైరెక్ట్.

నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది 2023లో. నాలుగు లక్షల బోనస్ వచ్చింది, హోమ్‌లోన్ వడ్డీ అప్పటికే తొమ్మిది దగ్గరికి పోయింది, ఏం చేయాలో తెలియక ఇద్దరినీ అడిగాను. బ్యాంకు మనిషి కొత్త పాలసీ బ్రోచర్ పంపాడు. ఈయన "లోన్‌కి కట్టేయండి" అన్నారు. ఆ మాటలో ఆయనకు వచ్చేదేమీ లేదు, పోయేదీ లేదు, ఎందుకంటే ఆయనది స్థిరమైన ఫీజు. అదే మన పెట్టుబడిలో ఇంత శాతం అని తీసుకునే సలహాదారైతే, మనం లోన్ కడితే ఆయన ఫీజు తగ్గుతుంది. ఫీజు పద్ధతిలోనూ ఈ చిక్కు ఉంది, ఎవరూ ముందుగా చెప్పరు.

ఈయనకంటే ముందు ఇంకొకాయన్ని కలిశాను. కమిషన్ తీసుకోను అన్నాడు, సెబీ రిజిస్ట్రేషన్ కూడా ఉంది, ఐఎన్‌ఏతో మొదలయ్యే నంబర్‌ను సెబీ సైట్‌లో చూసుకున్నాను. తీరా ఫారాల మీద డిస్ట్రిబ్యూటర్ల ఏఆర్‌ఎన్ నంబర్ వేసి ఉంది. ఎవరిదని అడిగితే వాళ్లావిడదట. సలహా ఇచ్చిన క్లయింటుకు కుటుంబ సభ్యులు కూడా అమ్మకూడదని ఆ తర్వాత 2020లో సెబీ నియమమే తెచ్చింది. నేను మాత్రం అప్పుడే సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను. అప్పటి నుంచీ స్టేట్‌మెంట్ రాగానే ప్రతి ఫోలియోలో సలహాదారు అన్న చోట DIRECT అని ఉందా, ARN అని ఉందా అన్నది చూస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. కేవైసీ తప్పులు, నామినీ మార్పులు అన్నీ మనమే తిప్పలు పడాలి. 2020 మార్చిలో మార్కెట్ పడిపోయి నేను టెన్షన్‌తో నిద్రపోలేనప్పుడు ఆయన జవాబివ్వడానికి మూడు రోజులు పట్టింది, అది నాకు ఇప్పటికీ బాధే.

మా బావమరిది నెలకు అయిదు వేల సిప్ కడతాడు, నన్ను చూసి తనూ ఫీజు సలహాదారు దగ్గరికి వెళ్తానన్నాడు. వద్దన్నాను. ఏడాదికి అరవై వేలు పెట్టేవాడు ఇరవై వేలు ఫీజు కడితే ఏం మిగులుతుంది? వాడికి ఫారాలు నింపి, మార్కెట్ పడినప్పుడు సిప్ ఆపకుండా చూసే డిస్ట్రిబ్యూటర్ ఒకాయన ఉన్నాడు, ఏ పాలసీ అంటగట్టలేదు. అక్కడే ఉండమన్నాను, టర్మ్ పాలసీ మాత్రం ఈ నెలలోనే తీసుకోమన్నాను.