250 మైక్రాన్ల రాగి పూత అని అమ్మిన ఎర్త్ రాడ్లు: డబ్బు కట్టే ముందు ఈ లెక్క చూసుకోండి

భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల ప్రాంతాల్లో రొయ్యల చెరువుల ఏరియేటర్లకు, మోటార్లకు ఎర్తింగ్ వేయించుకుంటున్న రైతులందరికీ ఈ హెచ్చరిక. ఉక్కు కడ్డీకి విద్యుత్తుతో రాగి పూత వేసిన 3 మీటర్ల ఎర్త్ రాడ్లను మా చెరువుల కోసం ఈ సీజనులో కొన్నాను. రాడ్డు మీద అంటించిన కాగితంలోనూ బిల్లులోనూ పూత మందం 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు, అని స్పష్టంగా రాసి ఉంది. పరీక్ష చేయిస్తే సగటున 43 మైక్రాన్లు మాత్రమే తేలింది. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. అదే సరుకు వేరే పేరుతో మరో చోట అమ్ముడుపోవచ్చు కాబట్టి, పేరు కన్నా దాన్ని పట్టుకునే పద్ధతి తెలియడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

ఉప్పునీటి చెరువు గట్టు మట్టిలో ఈ మందం చిన్న విషయం కాదు. పూత పలచగా ఉంటే అందులో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి, రాడ్డును సుత్తితో దిగగొట్టేటప్పుడు గీతలు కూడా పడతాయి. ఆ రంధ్రం దగ్గర బయటపడిన కొద్దిపాటి ఉక్కు, చుట్టూ ఉన్న విశాలమైన రాగి, మధ్యలో ఉప్పు తేమ కలిసి ఒక విద్యుత్ ఘటంలా పనిచేయడం వల్ల, పూత లేని ఉక్కు కన్నా కూడా ఆ చోట ఉక్కు వేగంగా తుప్పు పట్టి పోతుంది. రాడ్డు లోపల తెగిపోయినా పైన తల మాత్రం ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది. ఇక ఎర్త్ టెస్టర్ రీడింగ్ బాగా వచ్చిందని ఎలక్ట్రీషియన్ చెప్పిన మాట పూత మందానికి సాక్ష్యం కాదు. ఆ రీడింగ్ ముఖ్యంగా మట్టి మీద, రాడ్డు పొడవు మీద ఆధారపడుతుంది. కొత్తగా దిగగొట్టిన రోజున 40 మైక్రాన్ల రాడ్డుకూ 250 మైక్రాన్ల రాడ్డుకూ అది ఇంచుమించు ఒకటే చూపిస్తుంది.

మందం మీద నాకు అనుమానం వచ్చి అడిగినప్పుడు, విక్రేత తన నిజాయితీకి రుజువుగా పూత వేసిన వర్క్‌షాపు వారి బ్యాచ్ కార్డు నకలు ఇచ్చారు. అందులో ఉన్నవి మూడే అంకెలు: తొట్టికి కరెంటు ఇచ్చే రెక్టిఫైయర్ 300 ఆంపియర్లు, సమయం 2 గంటలు, తొట్టిలో ఒక్కసారి వేలాడదీసిన రాడ్లు 10. ద్రావణం గడిలో మైలుతుత్తం, సల్ఫ్యూరిక్ ఆమ్లం అని ఉంది. ఆ కార్డు ఆయన మాటను నిలబెట్టకపోగా దాన్ని పూర్తిగా తోసిపుచ్చుతుంది. ఎందుకో చెప్పాలంటే తొట్టిలో జరిగేదేమిటో కొంచెం చూడాలి.

మైలుతుత్తం నీటిలో కరిగినప్పుడు రాగి ఒక్కొక్క అయానుగా, రెండేసి ధనావేశాలతో తిరుగుతూ ఉంటుంది. రెక్టిఫైయర్ ఋణ ధ్రువానికి కట్టిన ఉక్కు కడ్డీని చేరిన ప్రతి రాగి అయాను అక్కడ రెండు ఎలక్ట్రానులు అందుకుంటేనే లోహమై అంటుకుంటుంది. ధన ధ్రువానికి కట్టిన రాగి పలకల నుంచి దాదాపు అంతే రాగి కరిగి ద్రావణంలోకి వస్తుంది. కాబట్టి ఎంత రాగి పడిందన్నది ఎన్ని ఎలక్ట్రానులు వచ్చాయన్న దాన్ని మించదు. మైకేల్ ఫారడే 1834లో ప్రచురించిన నియమం సారాంశం ఇదే: పేరుకున్న లోహపు ద్రవ్యరాశి, ద్రావణం గుండా ప్రవహించిన మొత్తం విద్యుదావేశానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆవేశం అంటే ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే వచ్చే కులూంబులు. మా రెక్టిఫైయర్ ఇన్ని వోల్టులది, చాలా బలమైనది అని ఎవరైనా గొప్పగా చెబితే ఆ వోల్టులను ఈ లెక్కలోకి రానివ్వకండి. వోల్టులు కరెంటును నెట్టడానికి పనికొస్తాయి తప్ప, రాగి బరువును నిర్ణయించేది ఆంపియర్లూ కాలమూ మాత్రమే.

63.55 గ్రాముల రాగి, అంటే ఒక మోల్ రాగి, పేరుకోవడానికి, ప్రతి అయానుకు రెండు ఎలక్ట్రానులు కాబట్టి, ఒక మోల్ ఎలక్ట్రానుల ఆవేశమైన 96,485 కులూంబులకు రెట్టింపు, అంటే 1,92,970 కులూంబులు కావాలి. ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పాటు ప్రవహిస్తే 3,600 కులూంబులు. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఒక ఆంపియర్-గంటకు పడగల రాగి 1.185 గ్రాములు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగిలినదంతా గుణకారాలూ భాగహారాలే.

మా రాడ్డు వ్యాసం 17.2 మిల్లీమీటర్లు, పొడవు 3 మీటర్లు. దాని చుట్టూ ఉన్న ఉపరితలం సుమారు 1,620 చదరపు సెంటీమీటర్లు. దాని మీద పావు మిల్లీమీటరు రాగి అంటే సుమారు 40.5 ఘన సెంటీమీటర్లు. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు కాబట్టి బరువు 363 గ్రాములు. 363ను 1.185తో భాగిస్తే దాదాపు 306 ఆంపియర్-గంటలు వస్తుంది. కాగితం మీద రాసిన పూత నిజం కావాలంటే ఒక్కొక్క రాడ్డు మీదుగా ఇంత ఆవేశం పోయి తీరాలి.

ఇప్పుడు వారి కార్డు చూడండి. 300 ఆంపియర్లు 2 గంటలు నడిస్తే 600 ఆంపియర్-గంటలు, అది 10 రాడ్లకు పంచితే ఒక్కొక్క దానికి 60. దానికి పడగల రాగి 71 గ్రాములు. ఆ 71 గ్రాములను 1,620 చదరపు సెంటీమీటర్ల మీద సమానంగా పరిస్తే మందం 49 మైక్రాన్లు. అదే తొట్టిలో, అదే కరెంటుతో, 250 మైక్రాన్లు రావాలంటే 10 గంటలకు పైగా నడపాలి. పోనీ 2 గంటల్లోనే ముగించడానికి కరెంటును ఐదు రెట్లు పెంచుదామంటే, కడ్డీ ఉపరితలం దగ్గర రాగి అయానులు అంత వేగంగా అందవు. మామూలు తొట్టిలో అప్పుడు కరెంటులో కొంత భాగం హైడ్రోజన్ బుడగలకు పోతుంది, పూత కూడా నల్లబడి పొడిపొడిగా తయారవుతుంది. మంచి మందమైన పూతకు గంటలు పట్టడానికి, అందుకే ధర కొంత ఎక్కువ ఉండడానికి, కారణం ఇదే.

ఈ లెక్క చూపిస్తే విక్రేత ఒక అభ్యంతరం చెప్పారు. "మాది సయనైడ్ తొట్టి అండీ, అందులో రాగి రెట్టింపు పడుతుంది" అన్నారు. అది పూర్తిగా కల్పన కాదు కాబట్టి దానికి సమాధానం ఇవ్వవలసి ఉంది. సయనైడ్ ద్రావణంలో రాగి ఒక్క ఎలక్ట్రాను చాలే స్థితిలో ఉంటుంది, అందువల్ల సిద్ధాంత ప్రకారం ఆంపియర్-గంటకు 2.37 గ్రాములు రావాలి. అయితే ఆ ద్రావణంలో కరెంటులో చెప్పుకోదగ్గ భాగం హైడ్రోజన్‌కు పోవడం వల్ల ఆచరణలో అంత రాదు. అంతా వచ్చిందనే ఒప్పుకున్నా, 49కి రెట్టింపు 98 మైక్రాన్లు అవుతుందే గాని 250 కాదు. పైగా ఆయనే ఇచ్చిన కార్డులో మైలుతుత్తం అని రాసి ఉంది.

ఈ సందర్భంలో మరో మోసం గురించి కూడా చెప్పాలి. కొబ్బరి తోటలకు బోర్డో మిశ్రమం కలిపే రైతులకు తెలిసినదే, మైలుతుత్తం నీటిలో ఇనుప చాకు ముంచితే కరెంటు ఏమీ లేకుండానే ఎర్రబడుతుంది. ఇనుము కరిగి ద్రావణంలోకి పోతూ దాని చోట రాగి కూర్చోవడం వల్ల అలా జరుగుతుంది. ఆ రాగి గోటితో గీకితే రాలిపోతుంది. ఉక్కు కడ్డీని నేరుగా ఆమ్ల తొట్టిలో వేస్తే ముందు ఈ వదులు పొరే ఏర్పడి, దాని మీద ఎంత మంచి పూత వేసినా తర్వాత పొరలుగా ఊడుతుంది. అందుకే పని తెలిసినవారు ముందుగా నికెల్ పలచ పూత గాని, సయనైడ్ తొట్టిలో పలచ రాగి పూత గాని వేసి, ఆ తరువాతే ఆమ్ల తొట్టికి పంపుతారు. రాడ్డును వంచినప్పుడు రాగి పగిలి రేకులుగా లేస్తే ఈ దశ ఎగ్గొట్టారని అనుమానించవచ్చు.

కార్డు లెక్క చెప్పేది గరిష్ఠ హద్దు మాత్రమే. వేలాడదీసే కొక్కేలకు కొంత రాగి పోతుంది. రాడ్ల చివరలకూ బయటి వరుసకూ ఎక్కువ పడి, ఒకదాని వెనుక ఒకటి దాగిన వాటి మధ్య భాగానికి తక్కువ పడుతుంది. అందుకని నేను ఒక రాడ్డు మధ్య భాగం నుంచి 10 సెంటీమీటర్ల ముక్క కోయించి, తెలిసిన కళాశాల రసాయన ప్రయోగశాలలో ఇచ్చాను. అక్కడ ముక్కను తూచి, అమ్మోనియా కలిపిన అమ్మోనియం పర్‌సల్ఫేట్ ద్రావణంలో ఉంచారు. అది రాగిని కరిగిస్తుంది, ఉక్కును దాదాపు ముట్టుకోదు. మళ్లీ తూచినప్పుడు బరువు 2.1 గ్రాములు తగ్గింది. 250 మైక్రాన్ల పూత అయితే ఆ ముక్క నుంచే 12 గ్రాములు తగ్గాలి. 2.1 గ్రాములకు మందం 43 మైక్రాన్లు, కార్డు చెప్పిన హద్దుకు కాస్త లోపల. ఈ పరీక్షను ఇంట్లో చేయడానికి ప్రయత్నించకండి.

రాడ్డు మొత్తాన్ని కాటా మీద పెడితే తెలిసిపోతుందని కొందరు అన్నారు, కానీ తెలియదు. బయటి వ్యాసం అంతే ఉంచి రాగి తగ్గించినవారు లోపల ఉక్కు కాస్త లావుగా వాడతారు. లెక్క వేస్తే సరైన రాడ్డు సుమారు 5.52 కిలోలు, పలచ పూత రాడ్డు 5.48 కిలోలు వస్తుంది. ఆ 40 గ్రాముల తేడా కడ్డీ కొలతల మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. హ్యాక్సాతో అడ్డంగా కోసి అంచును ఆకురాయితో నునుపు చేసి చూడడం అంతకన్నా మేలు. పావు మిల్లీమీటరు రాగి వలయం మామూలు కంటికి ఎర్రటి అంచుగా కనిపిస్తుంది, మా ముక్కకు భూతద్దం పెట్టవలసి వచ్చింది. ఉక్కు మీది పూతను అయస్కాంత పద్ధతిలో కొలిచే మందం గేజి ఎవరి దగ్గరైనా ఉంటే, రాడ్డు మధ్యలోనూ చివరల్లోనూ పెట్టి చూడడం అన్నిటికన్నా తేలిక.

విక్రేత వాడని రాడ్లను కూడా తిరిగి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. కాగితం మీది అంకె ఒక అంచనా అని ఇప్పుడు అంటున్నారు. బిల్లు, కార్డు నకలు, ప్రయోగశాల ఇచ్చిన బరువులు జతచేసి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. కొనబోయేవారు బిల్లులో రాడ్డు వ్యాసం, పొడవు, కనీస మందం, ఒక్కొక్క రాడ్డుకు పోయిన ఆంపియర్-గంటలు రాయించుకోండి. కొనేవారు తమకు నచ్చిన రాడ్డును ఎంచి కోసి చూడవచ్చన్న మాట కూడా రాయించుకోండి. 17.2 మిల్లీమీటర్ల, 3 మీటర్ల రాడ్డుకు మైలుతుత్తం తొట్టిలో 306 కన్నా తక్కువ ఆంపియర్-గంటలు రాసి, 250 మైక్రాన్లు అని చెప్పేవారి దగ్గర ఒక్క రాడ్డు కూడా కొనకండి.